మీటల మీద తొడుగు, మీటల కింద దుమ్ము

కారం మిల్లు వెనుక, చిల్లర కొట్టు ముందు ఉన్న చోట బిల్లు కొట్టే కంప్యూటర్‌లో అన్నిటికంటే ముందు మొరాయించేది కీబోర్డు. సిపియు పెట్టెను బల్ల కిందకు తోసేయొచ్చు, మానిటర్‌ను గోడకు ఎత్తించొచ్చు. కీబోర్డు మాత్రం గల్లాపెట్టె పక్కన, నోరు తెరుచుకుని, పొద్దుటి నుంచి రాత్రి దాకా పడి ఉండాల్సిందే. దాని మీద పడేదంతా ఒకే రకం దుమ్ము కూడా కాదు. గోధుమపిండి గాలిలోని తేమను పీల్చి ముద్దవుతుంది. కారం పొడిలో నూనె ఉంటుంది కాబట్టి అది పడ్డచోటే అంటుకుంటుంది. హార్డ్‌వేర్ కొట్లో పడే సిమెంటుకు చెమట చెయ్యి తగిలితే గట్టిపడుతుంది. వీటన్నిటికీ మందుగా కొట్లలో రెండు వస్తువులు అమ్ముతారు. ఒకటి వంద, రెండు వందల రూపాయల సిలికాన్ తొడుగు. రెండోది నీళ్ళతో కడిగినా చెడిపోని కీబోర్డు. రెండూ పనికొచ్చే వస్తువులే. కానీ ఏది ఎవరికి పనికొస్తుందో తెలియాలంటే, మామూలు కీబోర్డు ఎలా చస్తుందో ముందు చూడాలి.

మన కొట్లలో కనిపించే చవక కీబోర్డులు దాదాపు అన్నీ మెంబ్రేన్ రకం. పైన ప్లాస్టిక్ మీట, దాని కింద గొట్టంలాంటి చిన్న గాడిలో పైకీ కిందకీ జారే కాడ, ఆ కాడ కింద రబ్బరు బుడిపె, దాని అడుగున మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. పై పొర మీదా కింది పొర మీదా కరెంటు పారే గీతలు అచ్చువేసి ఉంటాయి. మధ్య పొర ఆ రెంటినీ తాకనివ్వదు, మీట ఉన్నచోట మాత్రం దానికి రంధ్రం ఉంటుంది. మీట నొక్కితే బుడిపె కుంగి పై పొరను ఆ రంధ్రంలోంచి కింది పొరకు తాకిస్తుంది. అంతే, అక్షరం పడుతుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పొడి దుమ్ము ఈ పొరల మధ్యకు అంత సులభంగా వెళ్ళలేదు. అది కాడ జారే గాడిలో పేరుకుంటుంది. మీట దిగి పైకి రాదు, లేదా గరగరమంటూ సగం దిగి ఆగిపోతుంది. ద్రవం అలా కాదు. టీ ఒలికితే సన్నటి సందుల్లోంచి పొరల మధ్యకు తనంతట తానే పాకుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల చక్కెర జిగురు, తేమ మిగిలిపోయి గీతలను మెల్లగా తినేస్తాయి. అంటే దుమ్ము చంపేది మీట కదలికను, ద్రవం చంపేది కరెంటు దారిని. మీ చోట ఈ రెంటిలో ఏది ఎక్కువన్నదాన్ని బట్టే కొనాల్సిన వస్తువు మారుతుంది.

బిల్లింగ్ కౌంటర్లలో టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డులు కూడా చాలాకాలంగా ఉన్నాయి. వాటిలో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్చి, స్విచ్చి లోపల లోహపు పత్తీలు ఉంటాయి. టకటకమని చప్పుడుతో బాగా నమ్మకంగా పనిచేస్తాయి. కానీ ఆ పత్తీల మధ్యకు సన్నటి పొడి చేరితే ఒకసారి నొక్కిన అంకె రెండుసార్లు పడుతుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు ఒక అక్షరం ఎక్కువ పడితే కంటికి కనిపిస్తుంది, చెరిపేస్తాం. బిల్లులో 5 కిలోలు 55 కిలోలైతే సంగతి వేరు. అలాంటి బిల్లు వెళ్ళాక స్టాకు లెక్క ఎక్కడ తప్పిందో సాయంత్రం వెతుక్కోవాలి. మెకానికల్ కీబోర్డు మీటలు ఎత్తుగా, ఒక్కో వరుస ఒక్కో వాలులో ఉంటాయి కాబట్టి వాటికి సరిగ్గా అమరే తొడుగు దొరకడం కష్టం. విపరీతమైన పొడి ఉన్న కొట్టుకు, ఎంత మంచి పేరున్నా, ఆ రకం కీబోర్డు నేను కొనమనను.

ఇక తొడుగు. ఇవి రెండు రకాలు. ఒకటి ఫలానా మోడల్‌కే అచ్చు పోసినది, ప్రతి మీటకూ ఒక చిన్న గూడు ఉంటుంది. రెండోది ఏ కీబోర్డు మీదైనా పరవమని అమ్మే చదును రేకు. చదును రేకు రాత్రి కొట్టు మూసేటప్పుడు కప్పడానికి బాగుంటుంది. దాని మీద టైపు చేయాలంటే మాత్రం నరకం, ఎందుకంటే వేలు కింద మీట అంచు తెలియదు. పక్కపక్క మీటల మధ్య రేకు బిగుసుకుని, ఒకటి నొక్కితే రెండోది కూడా లాగుతుంది. కాబట్టి తొడుగు అంటే అచ్చు పోసిన తొడుగే. దానికోసం కీబోర్డును తిప్పి అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, అదే నంబరుకు చేసినది కొనాలి. పైకి ఒకేలా కనిపించే రెండు కీబోర్డుల్లో ఎంటర్ మీట ఒకదానిలో అడ్డంగా, ఇంకోదానిలో ఎత్తుగా ఉంటుంది. ఆ ఒక్క తేడాతో తొడుగు కుడివైపంతా ముడతపడుతుంది. స్పేస్ మీట కింద ముడత ఇరుక్కుంటే అది నొక్కి పట్టినట్టే ఉండిపోతుంది.

సిలికాన్ అని రాసి అమ్మేదంతా సిలికాన్ కాదు. పల్చటి పారదర్శక తొడుగుల్లో చాలావరకు టీపీయూ అనే ప్లాస్టిక్. కొన్నయితే మామూలు పీవీసీ. నిజమైన సిలికాన్‌ను గట్టిగా మడిచి వదిలితే మడత గుర్తు నిలవదు, లాగితే సాగి వెనక్కి వస్తుంది. ప్లాస్టిక్ మీద మడత గీత మిగిలిపోతుంది, చేత్తో నలిపితే కరకరమంటుంది. అనుమానం తీరకపోతే అంచు నుంచి ఒక చిన్న ముక్క కత్తిరించి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. సిలికాన్ కరిగి బొట్లు కారదు, తెల్లటి బూడిద మిగులుతుంది. టీపీయూ కరిగి కారుతుంది. టీపీయూ చెడ్డదని దీని అర్థం కాదు. సిలికాన్ కంటే పల్చగా ఉండి వేలికి మీట బాగా తెలుస్తుంది, చూపుకు అక్షరాలు కనిపిస్తాయి. కానీ ఎండ, వేడి తగిలేచోట పచ్చబడి బిరుసెక్కుతుంది. పీవీసీ ఇంకా తొందరగా బిరుసవుతుంది, పొడి కొట్లలో దాన్ని వదిలేయడమే మంచిది.

తొడుగు గురించి అమ్మేవాళ్ళు చెప్పని మాట ఇది. సిలికాన్ దుమ్మును దూరంగా ఉంచదు, దగ్గరకు లాక్కుంటుంది. అది కరెంటు పారని పదార్థం కాబట్టి వేళ్ళ రాపిడికి దాని మీద స్థిర విద్యుత్తు నిలుస్తుంది. పైగా ఉపరితలం మెత్తగా, కొంచెం జిగటగా ఉంటుంది. అందుకే తొడుగు వేసిన కీబోర్డు వేయనిదానికంటే మురికిగా కనబడుతుంది. అది లోపం అనుకుని చాలామంది రెండు వారాలకే తీసేస్తారు. నిజానికి అది చేయాల్సిన పనే చేస్తోంది. గాడిలోకి వెళ్ళాల్సిన పొడి కళ్ళెదుట, తుడవడానికి వీలైన చోట ఆగింది. తొడుగు కొనడమంటే మురికిని ఆపడం కాదు, అది చేరే చోటు మార్చడం. ఆ చోటును ఎవరూ తుడవకపోతే లాభం లేదు. అంచుల నుంచి కొంత పొడి ఎలాగూ లోపలికి చేరుతుంది. వర్షాకాలంలో తొడుగు కింద చెమ్మ కూడా చేరి, పొడితో కలిసి, తొడుగే లేకపోతే ఆరిపోయేది కాస్తా ఆరకుండా నిలిచిపోతుంది. నెలల తరబడి తీయని తొడుగు కింద కీబోర్డు ఉన్నదానికంటే ముందుగానే పాడవుతుంది.

ఒక కొట్టును లెక్కకు తీసుకుందాం. ముందు పప్పులు, కారం, పసుపు, శనగపిండి అమ్ముతారు. వెనుక గదిలో పల్వరైజర్ తిరుగుతుంది. కౌంటర్‌లో ఒక మెంబ్రేన్ కీబోర్డు, ధర 500 రూపాయలు అనుకుందాం. తొడుగు లేకుండా ఆరు నెలలకు మీటలు పట్టేస్తున్నాయి. అంటే ఏడాదికి రెండు కీబోర్డులు, 1000 రూపాయలు. ఇప్పుడు అదే కీబోర్డుకు 150 రూపాయల అచ్చు తొడుగులు ఏడాదికి రెండు వాడారనుకుందాం, ఒకటి మీద ఉంటుంది, ఒకటి కడిగి ఆరుతుంటుంది. కీబోర్డు రెండేళ్ళు నిలిస్తే ఏడాదికి 250, తొడుగులకు 300, మొత్తం 550. మిగిలింది 450 రూపాయలు. పెద్ద మొత్తం కాదు కదా అనిపిస్తుంది, నిజమే. ఈ లెక్కలో అసలు బరువు వేరేచోట ఉంది. శనివారం సాయంత్రం గిరాకీ మధ్యలో కీబోర్డు చస్తే పోయేది 500 కాదు.

అదే లెక్కలో ఇంకో వైపు కూడా చూడాలి. తొడుగు మీద అలవాటు కాని చెయ్యి మీటను పూర్తిగా దిగేదాకా నొక్కదు. 150 కొట్టామనుకుంటే 15 పడుతుంది. రెండుసార్లు పడటం కంటే పడకపోవడం ఈ తొడుగుల దగ్గర ఎక్కువ. అందుకే తొడుగు కొన్నరోజే గల్లాలో పెట్టేయకూడదు. నోట్‌ప్యాడ్ తెరిచి, తెర వైపు చూడకుండా, కుడివైపు అంకెల పలక మీద 1 నుంచి 9 దాకా, సున్నా, చుక్క, ఎంటర్ వేగంగా పది వరుసలు కొట్టి చూడండి. ఏ వరుసలో ఏ అంకె తగ్గిందో ఇట్టే బయటపడుతుంది. ఎప్పుడూ ఒకే అంకె తగ్గుతుంటే తొడుగు గూడు ఆ మీట మీద సరిగ్గా కూర్చోలేదు. అంకెలు అక్కడక్కడ తగ్గుతుంటే అది చెయ్యి అలవాటు, వారంలో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తొడుగు మందం ఎక్కువైందని అర్థం.

బిల్లింగ్‌లో కొట్టేదంతా దాదాపు ఆ అంకెల పలక మీదే. తొడుగు చిరిగేది కూడా అక్కడే, ముందు ఎంటర్ దగ్గర. అలాంటప్పుడు నాకు తోచిన మంచి ఏర్పాటు వేరే ఉంది. విడిగా అమ్మే చిన్న అంకెల పలక ఒకటి కొని, దాన్ని పొడి పడే కౌంటర్ మీద పెట్టడం. పెద్ద కీబోర్డును బల్ల కింద సొరుగులో, పొడి గుడ్డ కప్పి, పేర్లు టైపు చేయాల్సినప్పుడే లాగడం. పాకెట్ల మీద బార్‌కోడ్ ఉంటే స్కానర్‌తో టైపింగ్ ఇంకా తగ్గుతుంది. కంప్యూటర్ దృష్టిలో స్కానర్ కూడా ఒక కీబోర్డే, కాకపోతే దానికి దుమ్ము దూరే మీటల వరుసలు లేవు. చెడిపోతే మార్చేది చిన్న పలక ఒక్కటే.

తొడుగు కడగడం పొడి కొట్లో వారానికి ఒకసారైనా ఉండాలి. తీసేముందు కంప్యూటర్ ఆపేయడమో కీబోర్డు తీగ ఊడదీయడమో చేయాలి. తొడుగును ఒక్కసారిగా పీకకుండా అంచుల నుంచి మడుచుకుంటూ ఎత్తాలి, అప్పుడు పైన ఉన్న పొడి మీటల్లోకి రాలదు. కారం ఘాటు ఉత్త నీళ్ళకు పోదు, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసిన గోరువెచ్చటి నీళ్ళు కావాలి. చేత్తోనే రుద్దాలి, పీచు వద్దు, అక్షరాలు చెరిగిపోతాయి. పసుపు, కారం రంగు సిలికాన్‌కు పట్టుకుంటాయి. పసుపు మరక ఎండకు వెలుస్తుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అచ్చు అక్షరాలు లేని సాదా సిలికాన్ తొడుగైతే గంటా రెండు గంటలు ఎండలో వేయొచ్చు. అక్షరాలున్నదీ, టీపీయూదీ నీడలోనే ఆరేయాలి. కడిగాక జిగటగా ఉందని కొందరు పౌడర్ చల్లుతారు. అది మళ్ళీ మీటల్లోకే వెళుతుంది. తొడుగు ఆరుతున్నంతసేపూ కీబోర్డును బోర్లించి తట్టి, మెత్తటి బ్రష్‌తో సందులు దులపాలి. మిల్లులో గాలి కొట్టే బ్లోయర్ ఉంది కదా అని నిలువుగా పైనుంచి కొడితే పొడి లోపలికే పోతుంది. బోర్లించి, వాలుగా కొట్టాలి.

కొట్లో ల్యాప్‌టాప్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. తొడుగు మీదుండగా మూత మూయకూడదు. మూతకూ మీటలకూ మధ్య ఖాళీ చాలా తక్కువ, తొడుగు మందం తెరను నొక్కుతుంది. మ్యాక్ ల్యాప్‌టాప్‌లకు మూత మూసేముందు కీబోర్డు తొడుగు తీసేయాలని ఆపిల్ కంపెనీయే చెబుతోంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు మీటల సందుల్లోంచి కూడా కొంత వేడి బయటకు వదులుతాయి. తొడుగు వేశాక ఫ్యాను మునుపటికంటే ఎక్కువగా మోగుతుంటే కారణం అదే కావచ్చు.

ఇప్పుడు కడగదగ్గ కీబోర్డులు. వీటిలోనూ రెండు దారులున్నాయి. మొదటి రకంలో నీళ్ళు లోపలికి రానిస్తారు, కానీ కరెంటు భాగాలను మూసేసి, అడుగున రంధ్రాల ద్వారా ఆ నీళ్ళను బయటకు పంపేస్తారు. 2012లో లాజిటెక్ తెచ్చిన కె310 ఈ రకం. సుమారు 28 సెంటీమీటర్ల లోతు నీళ్ళలో ముంచి చేత్తో కడగొచ్చని, యూఎస్‌బీ కొస మాత్రం తడవకూడదని ఆ కంపెనీ చెప్పింది. చూడటానికీ టైపు చేయడానికీ మామూలు కీబోర్డులాగే ఉండటం ఈ రకానికి పెద్ద బలం. కడిగాక పూర్తిగా ఆరడానికి గంటలు పట్టడం బలహీనత. రాత్రి కడిగి పొద్దున వాడుకోవాలి, లేదా రెండు కొని మార్చి మార్చి వాడాలి.

రెండో రకంలో లోపలికి ఏదీ రాదు. పైభాగమంతా ఒకే సిలికాన్ తొడుగుతో అతికించి మూసేస్తారు. చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే చవక రబ్బరు కీబోర్డు ఈ కుటుంబంలో అట్టడుగుది. అడుగున గట్టి పలక ఉండి ఆస్పత్రుల కోసం చేసేది పైమెట్టుది. సీల్ షీల్డ్, మ్యాన్ అండ్ మెషిన్ లాంటి అమెరికా కంపెనీలు ఈ పైమెట్టు రకానికి పేరుపడ్డాయి. చుట్టే రకాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, రోజూ వాడే పనికి అది తగదు. గట్టి పలక లేకపోవడంతో వేలి కింద బల్లకు అదుముకునేదాకా మీట పడదు. మడతలు పడేచోట లోపలి గీతలు తెగుతాయి. గట్టి అడుగున్నది మేలే, కానీ సిలికాన్ మీటలను ఇంకాస్త బలంగా నొక్కాలి. రోజుకు పదుల పేజీలు టైపు చేసే డీటీపీ ఆపరేటర్ దాని మీద నాలుగు రోజుల్లో వేళ్ళు నొప్పులంటారు. రోగి పేరు, వయసు, నాలుగు మందులు కొట్టే చోట ఆ ఇబ్బంది పెద్దగా తెలియదు.

ఈ కీబోర్డుల పెట్టె మీద ఐపీ 65, ఐపీ 68 లాంటి గుర్తులుంటాయి. మొదటి అంకె దుమ్ము గురించి, రెండోది నీళ్ళ గురించి. దుమ్ముకు 6 అంటే లోపలికి అసలు చొరబడదని. నీళ్ళకు 5 అయితే గొట్టంతో చిమ్మినా తట్టుకుంటుంది, 7 అయితే మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది, 8 అయితే అంతకంటే ఎక్కువ, ఎంతన్నది తయారీదారు చెప్పాలి. పొడి కొట్టుకు చూడాల్సింది మొదటి అంకె. నీళ్ళు పారే రకం కీబోర్డు కడగడానికి బాగున్నా దుమ్ముకు 6 ఉండాలని లేదు. ఈ పరీక్షలన్నీ మామూలు నీళ్ళతో చేసేవి. సబ్బు, బ్లీచింగ్, స్పిరిట్ ఆ అంకెల లెక్కలోకి రావు. ఏ క్రిమిసంహారకం వాడొచ్చో కీబోర్డుతో వచ్చే కాగితంలో విడిగా రాసి ఉందో లేదో చూడాలి. రాసి లేకపోతే ఆస్పత్రికి ఆ కీబోర్డు కొనకూడదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, అది విదేశీ కాగితాల్లో కనిపించదు. బోరు నీళ్ళు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళతో కడిగితే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. నీళ్ళు పారే రకంలో అది మీటల కింద, రంధ్రాల్లో పేరుకుని కొన్నాళ్ళకు దుమ్ము చేసే పనే చేస్తుంది. బోరు నీళ్ళతో కడిగినా, చివరి చెంబుడు తాగే క్యాను నీళ్ళు పోస్తే ఈ బాధ ఉండదు.

క్లినిక్ సంగతికొస్తే అక్కడ భయం దుమ్ము కాదు, చేతులు. రోగిని ముట్టుకున్న చెయ్యి మీటల మీదకు, మీటల మీద చెయ్యి ఇంకో రోగి మీదకు వెళుతుంది. దీని మీద చాలామంది పరిశోధించారు. నాకు అన్నిటికంటే పనికొచ్చినది 2006లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్ళు అచ్చువేసినది. ఆస్పత్రిలోని 25 కీబోర్డుల నుంచి నమూనాలు తీసి, వాటి మీద బతికే బాక్టీరియాను చూశారు. తర్వాత ఆరు రకాల క్రిమిసంహారకాలతో తుడిచి పరీక్షించారు, పోలిక కోసం ఉత్త శుభ్రమైన నీళ్ళతో కూడా తుడిచారు. క్రిమిసంహారకాలే కాదు, ఉత్త నీళ్ళ తడి గుడ్డ కూడా 95 శాతానికి పైగా బాక్టీరియాను తీసేసింది. మూడు వందల సార్లు తుడిచినా మామూలు కీబోర్డు మీటలు పనిచేయడం ఆగలేదు, అక్షరాలు చెరగలేదు.

ఈ ఫలితాన్ని సరిగ్గా చదవాలి. నీళ్ళు క్రిములను చంపవు, మీట మీద నుంచి గుడ్డ మీదకు ఎక్కిస్తాయి. అదే గుడ్డతో పక్క గదిలో కీబోర్డు తుడిస్తే అవి అక్కడికి చేరతాయి. అందుకే క్రిమిసంహారకం కావాలి, గుడ్డ మారాలి. అయినా ఇందులో చిన్న క్లినిక్ డాక్టరు గారికి ధైర్యమిచ్చే మాట ఉంది. వేల రూపాయల ఆస్పత్రి కీబోర్డు లేకపోయినా, మామూలు కీబోర్డును రోజూ తుడిస్తే చాలావరకు పని జరుగుతుంది. మరి సిలికాన్ తొడుగు ఎందుకంటే, తుడవడం అన్న పని సులభం కావడానికి. విడివిడి మీటల సందుల్లోకి గుడ్డ వెళ్ళదు, తడి ఎక్కువైతే పొరల్లోకి దిగుతుందన్న భయం. ఒకే చదునైన తొడుగు మీద ఆ భయం లేకుండా తడిపి తుడవొచ్చు. సులభమైనంత మాత్రాన తుడుస్తారని లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రిలో పీటర్ విల్సన్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త బృందం చదునైన కీబోర్డుకు ఒక దీపం పెట్టించింది ఇందుకే. తుడవాల్సిన గడువు దాటితే అది మిణుకుమిణుకుమంటుంది.

తుడిచేదేమిటన్నది కూడా ముఖ్యమే. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ, లేదా ఆస్పత్రులకు అమ్మే క్వాటర్నరీ అమ్మోనియం వైప్ సిలికాన్‌కూ మామూలు మీటలకూ సరిపడతాయి. గుడ్డ తడిగా ఉండాలి, కారకూడదు, స్ప్రే నేరుగా కీబోర్డు మీద కొట్టకూడదు. సీసా మీద ఎంతసేపు తడిగా ఉండాలని రాసి ఉంటుందో అంతసేపు ఉపరితలం తడిగా ఉండాలి. ఆల్కహాల్ ఫ్యాను గాలికి క్షణాల్లో ఆరిపోతుంది, అవసరమైతే రెండోసారి తుడవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ మాత్రం వద్దు. చేతి చర్మం కోసం అందులో గ్లిజరిన్ కలుపుతారు. అది తొడుగు మీద జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టేస్తుంది. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ తగిలితే సిలికాన్ ఉబ్బుతుంది. థిన్నర్ అయితే మామూలు ప్లాస్టిక్ మీటను కరిగిస్తుంది కూడా.

కొన్ని కీబోర్డుల మీద వెండి అయాన్లు కలిపాం, క్రిములు బతకవని రాసి ఉంటుంది. ఆ పూత ఉద్దేశం ప్లాస్టిక్ మీద బూజు, వాసన పట్టకుండా వస్తువును కాపాడటం. అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి వస్తువులు, మామూలుగా, తమను తాము కాపాడుకుంటాయని చెప్పుకోవచ్చు గానీ మనిషికి రోగం రాకుండా ఆపుతాయని చెప్పుకోకూడదు. వెండి ఉందని తుడవడం మానేస్తే అసలుకే మోసం. తుడిచిన కీబోర్డు ముట్టుకున్నా సరే, తర్వాతి రోగిని ముట్టుకునే ముందు చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

పళ్ళ డాక్టరు గదిలో నా లెక్క మళ్ళీ మారుతుంది. అక్కడ పరికరం తిరిగేటప్పుడు నోట్లోని తుంపర గాలిలో చిమ్ముతుంది. ప్రతి రోగికీ తొడుగు కడగడం కుదిరే పని కాదు. అలాంటి చోట పల్చటి ప్లాస్టిక్ పొర కీబోర్డు మీద చుట్టి, రోగి మారగానే పారేసి కొత్తది చుట్టడమే సరైన దారి. అమెరికా రోగనియంత్రణ కేంద్రం 2003లో పళ్ళ వైద్యశాలలకు ఇచ్చిన సూచనల్లో ఇలాంటి రక్షణ పొరల గురించి ఇదే చెప్పింది. కింద కీబోర్డు ఏదైనా ఫరవాలేదు.

కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో అరవై సిస్టంలకు అరవై తొడుగులు కొనే ఆలోచన నాకు నచ్చదు. అవి చిరుగుతాయి, ఊడదీసి పారేస్తారు, కడిగే మనిషి ఉండడు. తొడుగులకు పెట్టే డబ్బుతో వైప్‌లు కొని బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య తుడిపించడం మేలు. తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించిన కీబోర్డుకు ఇంగ్లీషు అక్షరాల తొడుగు వేస్తే స్టిక్కర్లు మాయమవుతాయి, పారదర్శకమైనదే వేయాలి. రసాయన, జీవశాస్త్ర ల్యాబుల్లో మాత్రం పూర్తిగా మూసిన కీబోర్డు ఖర్చుకు తగ్గ వస్తువే. కాకపోతే అది గ్లౌజులతో ముట్టుకునేదో, ఉత్త చేత్తో ముట్టుకునేదో ముందే ఒకటి తేల్చి దాని మీదే రాసి అంటించాలి. రెండు రకాల చేతులూ పడితే ఎంత కడిగినా ఉపయోగం లేదు.

కొత్తది కొనేముందు ఇప్పుడున్న కీబోర్డుకు ఏమైందో చూసుకోవచ్చు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో `osk` అని కొట్టి ఎంటర్ నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. ఎంటరే చచ్చి ఉంటే మౌస్‌తో నొక్కండి. ఇక అసలు కీబోర్డు మీద ఒక్కో మీటా నొక్కుతూ వెళితే బొమ్మలో అదే మీట వెలుగుతుంది. ఒక్క మీట మాత్రమే వెలగకపోతే, లేదా గట్టిగా నొక్కితేనే వెలిగితే, అది పొడి పని. ఆ మీటను మెల్లగా పైకి లేపి గాడిని ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిస్తే చాలాసార్లు బాగుపడుతుంది. నాలుగైదు మీటలు ఒకేసారి చచ్చి ఉంటే, అవి పక్కపక్కన లేకపోయినా సరే, లోపల వాటన్నిటికీ ఉమ్మడి గీత ఒకటి తెగింది. మీటకో తీగ ఉండదు, అడ్డగీతలూ నిలువు గీతలూ కలిసే చోట్లే మీటలు. గీత తెగిందంటే అక్కడికి ఎప్పుడో ద్రవం వెళ్ళింది. దాన్ని దులిపినా, దాని మీద తొడుగు వేసినా లాభం లేదు. ఆ కౌంటర్‌కు కావాల్సింది తొడుగు కాదు, మూసిన కీబోర్డు. అది కొనే స్తోమత లేకపోతే టీ గ్లాసుకు వేరే బల్ల చూడాలి.